మూడో రన్నింగ్ బిల్లు: కొలతలు, సైటులో ఉన్న సరుకు, వాటి వెనక లెక్కలు

ప్రశ్న: "సార్, నేను చిన్న కాంట్రాక్టర్‌ని. ఒక స్కూలు వాళ్లకి జీ ప్లస్ వన్ బిల్డింగు ఐటం రేటు మీద కడుతున్నాను. గ్రౌండ్ ఫ్లోర్ స్లాబు పడింది, గోడలు లింటెల్ దాకా లేచాయి. సైటులో స్టీలు, ఇటుక ఉన్నాయి. రెండో బిల్లులో కన్సల్టెంటు 'సపోర్టింగ్ లేదు' అని చాలా కోసేశాడు. మూడో బిల్లు ఎలా పెట్టాలి? వాడని మెటీరియల్‌కి కూడా డబ్బు అడగొచ్చా?"

అడగొచ్చు, కానీ అగ్రిమెంట్‌లో సైటు మీద ఉన్న సరుకుకి అడ్వాన్స్ ఇస్తామన్న క్లాజు ఉండాలి. క్లాజు లేకపోతే అది ఓనరు దయ మీద ఆధారపడిన విషయమే, హక్కుగా అడగలేరు. క్లాజు ఉన్నా పూర్తి ధర రాదు. 75 శాతం అని రాసుకునే అగ్రిమెంట్లు చాలా ఉన్నాయి, కేంద్ర పీడబ్ల్యూడీ షరతుల్లో 90 శాతం దాకా కూడా ఉంది. మీ అగ్రిమెంట్‌లో ఏముందో అదే మీకు చట్టం.

ఇక బిల్లు సంగతి. "ఈ నెల చేసిన పని" అని విడిగా రాయకండి. మొదటి రోజు నుంచి ఇవాళ్టి దాకా జరిగిన మొత్తం పని రాసి, అందులోంచి గత బిల్లులో ఒప్పుకున్నది తీసెయ్యండి. మిగిలిందే ఈ బిల్లు. మెటీరియల్ అడ్వాన్స్‌నీ ఇదే పద్ధతిలో రాయాలి. కన్సల్టెంటు చేతికి నాలుగు కాగితాలు వెళ్లాలి: కొలతల షీటు, స్టీలుకి బార్ బెండింగ్ షెడ్యూలు, సరుకు లెక్క, వీటన్నిటి మీద సొమ్ము మొత్తం తేల్చే ఒక అబ్‌స్ట్రాక్టు. అబ్‌స్ట్రాక్టులో కనబడే ప్రతి అంకె మిగతా మూడింటిలో ఏదో ఒక లైన్‌కి వెళ్లి ఆగాలి. అలా ఆగని అంకెనే ఆయన "సపోర్టింగ్ లేదు" అని కొట్టేస్తాడు.

మీ అంకెలు మీరు ఇవ్వలేదు కాబట్టి మీ బిల్డింగు లాంటిదే ఒకటి తీసుకుని చేసి చూపిస్తాను. బయటి కొలత 12.60 మీటర్లు, 7.60 మీటర్లు. 150 ఎంఎం స్లాబు. పొడుగు వైపు రెండు బీములు, అడ్డంగా నాలుగు, అన్నీ 230 × 600. స్తంభాలు 8, సైజు 230 × 450, వాటి 450 వైపు అడ్డ బీముల దిశలో ఉంది. రేట్లు కూడా లెక్క కోసం వేసుకున్నవే, మీవి మీరు పెట్టుకోండి.

కాంక్రీటు కొలత

స్లాబు: 12.60 × 7.60 × 0.15 = 14.36 క్యూబిక్ మీటర్లు. ఇందులో పేచీ లేదు.

తేడా వచ్చేది బీముల దగ్గర. డ్రాయింగులో బీము 600 అని ఉంటుంది, చాలామంది 0.60 వేసేస్తారు. కానీ పైనున్న 150 స్లాబులో అప్పటికే వచ్చేసింది. కొలవాల్సింది స్లాబు కింద వేలాడే 450 మాత్రమే. అలాగే అడ్డ బీముల పొడుగు 7.60 కాదు. రెండు చివర్లా పొడుగు బీముల వెడల్పు 0.23 చొప్పున పోతుంది కాబట్టి 7.14.

పొడుగు బీములు: 2 × 12.60 × 0.23 × 0.45 = 2.61
అడ్డ బీములు: 4 × 7.14 × 0.23 × 0.45 = 2.96

మొత్తం 14.36 + 2.61 + 2.96 = 19.93 క్యూబిక్ మీటర్లు. అదే 0.60 వేసి ఉంటే 1.85 క్యూబిక్ మీటర్లు ఎక్కువ పడేది. సెంటరింగ్‌తో కలిపి రేటు 9,500 అనుకుంటే సుమారు 17,600 రూపాయలు. డబ్బు కోత ఒక్కటే అయితే ఫరవాలేదు. ఒక్కచోట రెండుసార్లు లెక్కేసినట్టు దొరికితే ఆయన మిగతా షీటునంతా అనుమానంగానే చూస్తాడు, బిల్లు ఇంకో పది రోజులు టేబుల్ మీదే ఉంటుంది. స్తంభాలదీ ఇదే సంగతి: పోయిన బిల్లులో వాటిని బీము అడుగు దాకా కొలిచారా, స్లాబు పైదాకా కొలిచారా చూసుకోండి. పైదాకా కొలిచి ఉంటే ఆ ముక్క ఇప్పుడు బీములో మళ్లీ వస్తుంది. అలా ఉంటే ఈ బిల్లులో మీరే తగ్గించి, రిమార్కులో ఒక ముక్క రాయండి.

కాంక్రీటులో స్టీలు ఆక్రమించిన చోటుని తీసెయ్యక్కర్లేదు. ఐఎస్ 1200 కొలత పద్ధతే అలా చెబుతుంది. కొలతలు సెంటీమీటరు దాకా, స్లాబు మందం మాత్రం 5 ఎంఎం దాకా రాయాలి. స్లాబు ఎక్కడైనా 160 పడిందని 160కి అడగకండి. డ్రాయింగు మందమే ఇస్తారు, పైన పడిన కాంక్రీటు సెంటరింగ్ లెవెల్ తప్పినందుకు మీరు కట్టే ఖర్చు. 140 పడితే మాత్రం 140కే ఇస్తారు, అదీ ఒప్పుకుంటే.

షీటు ఎక్సెల్‌లో చేస్తుంటే వరుసలో వివరం, సంఖ్య, పొడుగు, వెడల్పు, లోతు, పరిమాణం అన్న కాలమ్‌లు పెట్టి, పరిమాణం దగ్గర చేత్తో అంకె కొట్టకుండా ఫార్ములా పెట్టండి:

```
=ROUND(B5*C5*D5*E5,2)
```

తీసెయ్యాల్సిన వాటికి సంఖ్య కాలమ్‌లో మైనస్ పెడితే (ఉదాహరణకు -2) అదే ఫార్ములా పనిచేస్తుంది. రౌండింగ్ లైన్ దగ్గరే జరగాలి. అప్పుడే కన్సల్టెంటు కాల్‌క్యులేటర్‌తో కూడినా మీ మొత్తమే వస్తుంది. చివరి పైసల తేడా మీద ఉత్తరాలు నడవడం చూస్తే నవ్వొస్తుంది గానీ, నడుస్తాయి.

ప్రతి లైన్‌కీ చోటు రాయండి. "బీములు" అని కాదు, "1వ గ్రిడ్ నుంచి 4వ గ్రిడ్ దాకా, ఏ లైను మీద" అని. డ్రాయింగు నంబరు, రివిజన్ కూడా. ఆయన సైటుకి వచ్చి టేపు పట్టాల్సిన చోటు ఆ లైన్ చదివితే తెలియాలి.

ఇటుక కట్టుబడి

స్తంభాల మధ్య నికరంగా ఉన్న గోడే కొలవాలి. పొడుగు వైపు 12.60లోంచి నాలుగు స్తంభాల 0.23 తీస్తే 11.68, రెండు వైపులా 23.36. పొట్టి వైపు 7.60లోంచి రెండు స్తంభాల 0.45 తీస్తే 6.70, రెండు వైపులా 13.40. మొత్తం 36.76 మీటర్లు.

36.76 × 0.23 × 2.10 = 17.76
తలుపులు: 2 × 1.20 × 2.10 × 0.23 = 1.16 తీసివేత
కిటికీలు: 6 × 1.50 × 1.20 × 0.23 = 2.48 తీసివేత
నికరం 14.12 క్యూబిక్ మీటర్లు

చిన్న కన్నాలకి, అంటే 0.1 చదరపు మీటరు దాకా ఉన్నవాటికి, తీసివేత లేదు. పైపు కోసం వదిలిన కన్నాన్ని ఎవరైనా తగ్గిస్తే ఐఎస్ 1200 చూపించి అడగొచ్చు. రేపు ప్లాస్టరింగ్ బిల్లు వచ్చేసరికి హద్దులు వేరుగా ఉంటాయి: 0.5 చదరపు మీటరు దాకా తీసివేత లేదు. 0.5 నుంచి 3 దాకా, గోడ రెండు వైపులా ఒకే ప్లాస్టరింగ్ అయితే, ఒక్క ముఖానికే తీసివేత, కానీ పక్కల చెంపలు విడిగా కొలవరు. 3 దాటితే రెండు ముఖాలూ తీసేసి చెంపలు కలుపుతారు. 1.50 × 1.20 కిటికీ 1.80 చదరపు మీటర్లు కాబట్టి మధ్య రకంలోకి వస్తుంది. చెంపలు కూడా కలిపి అడిగే పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

స్టీలు

స్టీలుని కాంక్రీటు పోయకముందే కొలిచి సంతకం పెట్టించుకోవాలి. పోశాక ఎవరూ కొలవలేరు. డ్రాయింగు ప్రకారం ఇవ్వాలా వద్దా అన్న వాదన మాత్రం మిగులుతుంది. స్లాబు పోయబోయే రోజు కన్సల్టెంటు మనిషి చెకింగ్‌కి వస్తాడు కదా, అప్పుడే బార్ బెండింగ్ షెడ్యూలు మీద ఆయన సంతకం, తేదీ తీసుకోండి. టేపు కనబడేలా, రాడ్ల మధ్య ఎడం తెలిసేలా నాలుగు ఫొటోలు. మీకు ఈసారి స్లాబు పడిపోయింది, అప్పుడు సంతకం తీసుకోకపోతే చెకింగ్ రిజిస్టరు నకలు, ఫొటోలు, డ్రాయింగు ప్రకారం చేసిన షెడ్యూలు కలిపి పెట్టండి.

షెడ్యూలులో ఒక లైన్ ఎలా ఉండాలో చూడండి. స్లాబు అడుగు మెయిన్ రాడ్డు, 10 ఎంఎం, 150 ఎడంతో, 12.60 దిశలో. రెండు చివర్ల కవరు పోను 7.55 మీటర్ల మీద పరవాలి. 7.55ని 0.15తో భాగిస్తే 50.3, అంటే 51 ఖాళీలు, 52 రాడ్లు. పొడుగు 12.55. రాడ్డు 12 మీటర్లే వస్తుంది కాబట్టి ఒక ల్యాపు తప్పదు, డ్రాయింగులో వ్యాసానికి 50 రెట్లు అని ఉంటే 0.50 కలిపి 13.05. బరువు మీటరుకి d²/162, d అంటే ఎంఎంలో వ్యాసం, 10 ఎంఎంకి 0.617 కిలో.

52 × 13.05 × 0.617 = 418.70 కిలోలు.

డ్రాయింగు అనుమతించిన ల్యాపులు కొలతలోకి వస్తాయి. రాడ్డు ముక్కలు మిగిలాయని మీరు అదనంగా వేసిన ల్యాపులు, కటింగ్ వేస్టు, బైండింగ్ వైరు రావు, అవి రేటులోనే ఉన్నాయని లెక్క. అన్ని లైన్లూ కూడితే ఈ స్లాబు, బీములకి 1,690 కిలోలు అనుకుందాం. ఇక్కడ ఒక సరిచూపు ఉంది: 1,690ని 19.93తో భాగిస్తే క్యూబిక్ మీటరుకి 85 కిలోలు. ఇలాంటి స్లాబు, బీములు కలిపి చూస్తే 80 నుంచి 100 మధ్య వస్తే మామూలే. మీకు 140 వస్తే షెడ్యూలులో ఏదో లైన్ రెండుసార్లు పడి ఉంటుంది, 50 వస్తే స్టిర్రప్పులు గానీ పై రాడ్లు గానీ మరిచిపోయి ఉంటారు. అనుభవమున్న కన్సల్టెంటు ముందుగా చూసేది ఈ భాగహారాన్నే.

గత బిల్లుల్లో పునాదులు, స్తంభాలు, ప్లింత్ బీములకి 1,240 కిలోలు ఒప్పుకున్నారనుకుందాం. అయితే ఇవాళ్టి దాకా 2,930 కిలోలు.

సైటులో ఉన్న సరుకు

మీ రెండో బిల్లు కోత ఎక్కువగా ఇక్కడే పడి ఉంటుందని నా అనుమానం. "స్టీలు 1.5 టన్ను, ఇటుక 6 వేలు" అని ఒక్క లైన్ రాస్తే ఎవరూ డబ్బివ్వరు. ఆయన్ని తొలిచే ప్రశ్న ఒకటే: ఈ స్టీలుకి ఇప్పుడు అడ్వాన్స్ ఇచ్చి, ఇదే స్టీలుకి స్లాబులో ఐటం రేటు కింద మళ్లీ ఇస్తున్నానా? దానికి జవాబు వచ్చిన సరుకు, వాడిన సరుకు, మిగిలిన సరుకు మూడూ కలిసే లెక్క.

స్టీలు లెక్క ఇలా నడుస్తుంది. వే బ్రిడ్జి చీటీల ప్రకారం ఇవాళ్టి దాకా వచ్చింది 4,500 కిలోలు. పనిలో కొలిచింది 2,930. కటింగ్ వేస్టు 3 శాతం, 88 కిలోలు. కాబట్టి ఉండాల్సింది 1,482. ఇప్పుడు సైటులో లెక్కబెట్టండి. బరువు తూచనక్కర్లేదు, నిండు రాడ్లు లెక్కిస్తే చాలు. 12 ఎంఎం రాడ్లు 84, ఒక్కోటి 12 × 0.888 = 10.656 కిలోలు, మొత్తం 895. 8 ఎంఎం రాడ్లు 113, ఒక్కోటి 4.74, దశాంశాలు వదిలేస్తే మొత్తం 535. కలిపి 1,430 కిలోలు. తేడా 52 కిలోలు.

ఈ తేడాని దాచకండి, షీటులోనే చూపించండి. కారణం కూడా ఉంది: రాడ్డు అసలు బరువు d²/162 లెక్కకి అచ్చంగా సరిపోదు. ఐఎస్ 1786 ప్రకారం 10 ఎంఎం దాకా 7 శాతం, 16 దాకా 5 శాతం, ఆపైన 3 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. మీరు కొన్నది వే బ్రిడ్జి బరువుకి, మీకు వచ్చేది లెక్క బరువుకి. అందుకే లోడు దిగగానే ఒక్కో సైజులో రెండు మూడు రాడ్లు తూచి చూసుకోవడం మంచిది, మీటరుకి ఎక్కువ బరువున్నవి వస్తే ఆ నష్టం మీదే. 52 కిలోలు వచ్చిన సరుకులో సుమారు 1.2 శాతం, ఎవరూ పట్టించుకోరు. తేడా 300 కిలోలుంటే మాత్రం బిల్లు పెట్టకముందే వెతకండి. ఒక చీటీ రెండుసార్లు ఎక్కిందేమో, వేరే సైటుకి రాడ్లు వెళ్లాయేమో, షెడ్యూలులో తప్పుందేమో.

ఇటుకకి వచ్చేసరికి ఒక అలవాటు పొరపాటు ఉంది. క్యూబిక్ మీటరుకి 500 ఇటుకలు అన్నది 190 × 90 × 90 మాడ్యులర్ ఇటుక లెక్క. మన దగ్గర 230 గోడకి వాడేది 230 × 110 × 75 లాంటి ఇటుక, 10 ఎంఎం మాలు కలిపి లెక్కేస్తే క్యూబిక్ మీటరుకి సుమారు 410 మాత్రమే. 500తో లెక్కిస్తే వాడకం ఎక్కువ చూపించినట్టవుతుంది, సైటులో కనబడే గుట్టతో పొసగదు. మన లెక్కలో: వచ్చింది 12,000. వాడకం 14.12 × 410 = 5,789, విరిగిపోయేవి 5 శాతం, 289. ఉండాల్సింది 5,922. గుట్ట పొడుగున 24, వెడల్పున 12, ఎత్తున 20 వరసలు, 5,760. తేడా 162, విరిగినవి పక్కన కుప్పగా ఉన్నాయి. ఇటుకల్ని ఇలా దీర్ఘచతురస్రం గుట్టగా పేర్పించండి. లారీ దించిన కుప్పని ఎవరూ లెక్కబెట్టలేరు, లెక్కబెట్టలేనిదానికి డబ్బు రాదు.

సిమెంటు అడగాలా? పాడయ్యే సరుకుకి అడ్వాన్స్ లేదనే అగ్రిమెంట్లలో సిమెంటుని తీసేస్తారు. ఉన్నా అడగకపోవడమే మేలనుకుంటాను, వారం రోజుల్లో అయిపోయే సరుకు వెనక కాగితాలు తిప్పడం దండగ. ఇసుక, కంకరా అంతే.

అడ్వాన్స్ అడిగే ముందు ఇంకో పోలిక చెయ్యండి. ఈ సరుకు మిగిలిన పనికి కావాలా? అగ్రిమెంట్‌లో స్టీలు మొత్తం 5,200 కిలోలనుకుంటే మిగిలింది 2,270, సైటులో ఉన్నది 1,430. సరిపోయింది. అదే మిగిలిన పని 1,000 కిలోలైతే అడ్వాన్స్ 1,000కే వస్తుంది. సైజులూ చూస్తారు, పై అంతస్తులో 20 ఎంఎం లేనప్పుడు 20 ఎంఎం రాడ్లకి అడగకూడదు.

ధర ఇన్‌వాయిస్ ధర, జీఎస్టీ లేకుండా. స్టీలు ఐటం రేటు 78 అయినా, అందులో కటింగ్, బెండింగ్, కూలీ, మీ లాభం ఉన్నాయి. సరుకుగా దాని విలువ 58 అయితే 58కే. ఇటుక 8 రూపాయలు.

స్టీలు 1,430 × 58 = 82,940
ఇటుక 5,760 × 8 = 46,080
మొత్తం 1,29,020, దాని 75 శాతం 96,765

దీనికి జతగా ఇన్‌వాయిస్‌లు, వే బ్రిడ్జి చీటీలు, స్టీలు మిల్లు టెస్ట్ సర్టిఫికెట్, ఇటుక టెస్ట్ రిపోర్టు, సరుకు ఫొటోలు. షాపుకి డబ్బు కట్టిన రసీదు కూడా పెడితే పని తొందరగా అవుతుంది. అరువు మీద తెచ్చిన స్టీలుకి అడ్వాన్స్ ఇచ్చాక షాపువాడు వచ్చి లారీలో ఎక్కించుకుపోతే ఎలా అన్నది ఓనరు భయం. అందుకే సరుకుని ఓనరు పేర హామీగా రాసిచ్చే స్టాంపు కాగితం కూడా అడుగుతారు. స్టీలు నేల మీద కాకుండా దిమ్మెల మీద ఉండాలి.

అడ్వాన్స్ తిరిగి కట్టుకోవడం

రెండో బిల్లులో 2,000 కిలోల స్టీలుకి 58 చొప్పున, 75 శాతం 87,000 ఒప్పుకున్నారనుకుందాం. ఆ స్టీలులో చాలావరకు ఇప్పుడు స్లాబులో ఉంది, స్లాబులో కిలోకి 78 అడుగుతున్నారు. కాబట్టి పాత 87,000 మొత్తం వెనక్కి వెళ్లాలి, ఇవాళ్టి సరుకుకి 96,765 కొత్తగా రావాలి. చేతికొచ్చేది తేడా 9,765. "ఈ బిల్లులో మెటీరియల్ 96,765" అని మాత్రమే రాసి పాతది మరిచిపోతే 87,000 రెండుసార్లు అడిగినట్టు. అడ్వాన్స్ ఎక్కువ రావాలన్న తొందరలో చిన్న కాంట్రాక్టర్ల బిల్లుల్లో కనబడే పెద్ద తప్పు ఇదే. పాత రాడ్లలో ఏవి మిగిలాయి, కొత్తవి ఎన్ని అని విడదీసే పని పెట్టుకోకండి. ఇవాళ సైటులో ఏముందో దాని మొత్తం విలువలోంచి పాత అడ్వాన్స్ మొత్తం తీసేస్తే సరిపోతుంది.

అబ్‌స్ట్రాక్టు

| వివరం | ఇవాళ్టి దాకా | గత బిల్లు దాకా | ఈ బిల్లు |
|---|---|---|---|
| పాత ఐటంలు (మట్టి, పునాది, స్తంభాలు, ప్లింత్ బీములు) | 3,10,000 | 3,10,000 | 0 |
| స్లాబు, బీములు 19.93 × 9,500 | 1,89,335 | 0 | 1,89,335 |
| స్టీలు 2,930 × 78 | 2,28,540 | 96,720 | 1,31,820 |
| ఇటుక కట్టుబడి 14.12 × 6,500 | 91,780 | 0 | 91,780 |
| పని మొత్తం | 8,19,655 | 4,06,720 | 4,12,935 |
| సైటులో సరుకు, 75 శాతం | 96,765 | 87,000 | 9,765 |
| రిటెన్షన్, పని మీద 5 శాతం | −40,983 | −20,336 | −20,647 |
| నికరం, పన్నులకు ముందు | 8,75,437 | 4,73,384 | 4,02,053 |

అడ్డంగా తీసినా నిలువుగా కూడినా ఆఖరి అంకె 4,02,053 రావాలి. రాకపోతే పంపకండి.

రిటెన్షన్ పని మీదే వేశాను, సరుకు మీద కాదు. సరుకుకి అప్పటికే 25 శాతం ఆపేశారు, మళ్లీ 5 ఆపడం రెండోసారి ఆపినట్టు. కానీ కొన్ని అగ్రిమెంట్లలో "బిల్లు మొత్తం మీద" అని ఉంటుంది, చూసుకోండి.

జీఎస్టీని కింద విడి లైన్‌గా చూపండి, రేట్లలో కలపకండి. అది విడిగా కనబడితేనే ఇన్‌కం ట్యాక్స్ టీడీఎస్ జీఎస్టీ లేని మొత్తం మీద పడుతుంది. సొంత పేరు మీద చేస్తే 1 శాతం, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ గానీ కంపెనీ గానీ అయితే 2 శాతం. ప్రభుత్వ పని అయితే 2.5 లక్షలు దాటిన కాంట్రాక్టుకి జీఎస్టీ టీడీఎస్ 2 శాతం వేరుగా కోస్తారు, లేబర్ సెస్ 1 శాతం కూడా ఉంటుంది. ఈ కోతలు మీరే లెక్కేసి చూపిస్తే బ్యాంకులో పడే మొత్తం ముందే తెలుస్తుంది. అడ్వాన్స్ మీద, ఆపిన రిటెన్షన్ మీద జీఎస్టీ ఎప్పుడు కట్టాలన్నది మాత్రం బిల్లు ఇచ్చే ముందే మీ ఆడిటర్‌తో మాట్లాడుకోండి. ఇన్‌వాయిస్ కొట్టాక మార్చడం తలనొప్పి.

పూర్తికాని ఐటంలు

మీ గోడలు లింటెల్ దాకానే లేచాయి, దానికి ఇబ్బంది లేదు, లేచినంత కొలత అడుగుతారు. ఇబ్బంది వచ్చేది కొలతలో పూర్తయి పనిలో కానివాటితో. స్లాబు పోశారు కానీ సెంటరింగ్ ఇంకా విప్పలేదనుకోండి. 6 మీటర్లు దాటిన బీముల కింద పోట్లు 21 రోజులు ఉంచాలని ఐఎస్ 456 చెబుతుంది, ఇక్కడి 7.14 మీటర్ల అడ్డ బీములకి అదే వర్తిస్తుంది. అంతలోపు బిల్లు పెడితే పూర్తి రేటు అడగకండి. పూర్తి పరిమాణం రాసి, రేటు మాత్రం తగ్గించి, ఉదాహరణకు 90 శాతానికి, "పోట్లు విప్పాక మిగతాది" అని రిమార్కు పెట్టండి. మీరే తగ్గిస్తే 10 శాతమే ఆగుతుంది, ఆయన తగ్గిస్తే మొత్తం ఐటం వచ్చే బిల్లుకి వెళ్లిపోవచ్చు. పై లెక్కలో సెంటరింగ్ విప్పేశారనుకుని పూర్తి రేటు వేశాను. స్లాబుకి 7 రోజుల క్యూబు రిపోర్టు జతచెయ్యండి, 28 రోజులది రాగానే పంపుతానని రాయండి.

అగ్రిమెంట్‌లో లేని పని చేసి ఉంటే దాన్ని ఈ అబ్‌స్ట్రాక్టులో కలపకండి. ఎక్స్‌ట్రా ఐటంలకి వేరే షీటు, ఎవరు ఎప్పుడు చెప్పారో ఆ ఉత్తరం గానీ వాట్సాప్ మెసేజ్ గానీ జతగా. రేటు తేలని ఒక్క ఎక్స్‌ట్రా ఐటం వల్ల మొత్తం బిల్లు ఆగిపోవడం మామూలు.

ఇచ్చేటప్పుడు

ముందు ఉత్తరం రాసి ఒక తేదీ అడగండి, ఆ రోజు ఇద్దరూ కలిసి కొలవండి. కొలతల పుస్తకంలో ఇద్దరి సంతకాలు, సరుకు లెక్కా అదే రోజున. వేరే రోజు లెక్కిస్తే మధ్యలో మీ మేస్త్రీ వాడిన రాడ్లు తేడాగా కనబడతాయి. ఆయన రాకపోతే, పిలిచిన ఉత్తరం నకలు పెట్టి మీరు కొలిచిన షీటు పంపండి. బిల్లు అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి, చెల్లింపు గడువు ఆ తేదీ నుంచే లెక్క.

రెండో బిల్లులో కోసినదాని సంగతి ఒకటి మిగిలింది. "గత బిల్లు దాకా" కాలమ్‌లో మీరు అడిగిన అంకె కాదు, ఆయన ఒప్పుకున్న అంకె రాయాలి. అడిగిన అంకె రాస్తే కోసిన సొమ్ము మీకు వచ్చేసినట్టే లెక్కలో కలిసిపోతుంది, మళ్లీ ఎప్పటికీ పైకి రాదు. ఒప్పుకున్న అంకె రాసి, కోసిన పరిమాణానికి ఈసారి సపోర్టింగ్ పెట్టి "ఇవాళ్టి దాకా" కాలమ్‌లో చేర్చితే అది తేడాగా దానంతటదే ఈ బిల్లులో పడుతుంది. ఏ ఐటంలో ఎంత కోశారో, ఏ కారణం చెప్పారో, ఇప్పుడు ఏ కాగితం జతచేశారో ఒక పేజీ రాసి బిల్లు పైన పెట్టండి. ఆయన కోత చీటీ ఇవ్వకుండా మొత్తం అంకె మాత్రమే రాసిచ్చి ఉంటే, మూడో బిల్లు ఇవ్వకముందే ఐటం వారీగా చీటీ కావాలని రాతపూర్వకంగా అడగండి.